వాయిదాల్లో అమ్మితే ఎదురుచూపుకు ధర కట్టడం ఎలా?

వస్తువు నచ్చినా ధర విని వెనక్కి తగ్గే కొనుగోలుదారుకు అమ్మకందారు చూపించే దారి వాయిదాలు. ధర 60,000 అయితే, “ఆరు నెలల్లో కట్టండి, నెలకు 10,000 చాలు” అంటారు. ఆరు పదివేలు అరవై వేలే కాబట్టి లెక్క సరిపోయినట్టే ఉంటుంది. కానీ ఆ ఒక్క భాగహారంతో అమ్మకందారు తన లాభంలో పావు వంతు వదులుకుని ఉండవచ్చు. ఆ నష్టం ఖాతా పుస్తకంలో ఎక్కడా కనిపించదు. అమ్మకం ఇంత, కొనుగోలు ఇంత, లాభం ఇంత అని పుస్తకం చెబుతుంది. డబ్బు ఎప్పుడు చేతికి వచ్చిందో ఆ మూడు అంకెల్లో ఏదీ చెప్పదు.

వాయిదాల అమ్మకం పాత పద్ధతే. కుట్టు యంత్రాల వ్యాపారంలో ఐజాక్ సింగర్ భాగస్వామి ఎడ్వర్డ్ క్లార్క్ 1856లో దీన్ని పెద్ద ఎత్తున మొదలుపెట్టారు. కొంత ముందుగా తీసుకుని, మిగిలినది నెలనెలా వసూలు చేసేవారు. ఒకేసారి అంత డబ్బు పెట్టలేని కుటుంబాలకు యంత్రం అందుబాటులోకి వచ్చింది, అమ్మకాలు పెరిగాయి. అప్పటి నుంచి ఇప్పటి వరకు ఈ పద్ధతిలో తేలాల్సిన ప్రశ్న ఒకటే: డబ్బు ఆలస్యంగా వచ్చినందుకు అయ్యే ఖర్చు ఎంత, దాన్ని ధరలో ఎలా కలపాలి?

ఒక ఉదాహరణ తీసుకుని చివరిదాకా లెక్క కడదాం. వస్తువు నగదు ధర 60,000. అమ్మకందారు దాన్ని కొన్నది 48,000కు. అంటే నగదు అమ్మకంలో లాభం 12,000. వ్యాపారం నడపడానికి తెచ్చుకున్న అప్పు మీద అమ్మకందారు కట్టే వడ్డీ నెలకు 1.5 శాతం. కరెన్సీ ఏదైనా, అంకెలు ఎంతైనా లెక్క తీరు మారదు.

నెలకు 10,000 చొప్పున, మొదటి వాయిదా నెల తరువాత మొదలై, ఆరు నెలలు వస్తాయనుకుందాం. మొదటి పదివేలు రావడానికి ఒక నెల ఆగాలి, రెండో పదివేలకు రెండు నెలలు, చివరిదానికి ఆరు నెలలు. ఈ ఆరింటినీ కలిపితే 21. ఆరుతో భాగిస్తే మూడున్నర. అంటే అమ్మకందారు మొత్తం 60,000 కోసం సగటున మూడున్నర నెలలు ఎదురుచూస్తున్నట్టు లెక్క. నెలకు 1.5 శాతం చొప్పున మూడున్నర నెలలకు 5.25 శాతం. 60,000 మీద అది 3,150.

ఇది ఉజ్జాయింపు పద్ధతే అయినా పనికొచ్చే పద్ధతి. ఇంకొంచెం కచ్చితంగా, ప్రతి వాయిదానూ ఈ రోజు విలువకు కుదిస్తే, ఆరు నెలల్లో వచ్చే ఆ 60,000 ఈ రోజు చేతిలో ఉన్న 56,972తో సమానం. తేడా 3,028. నగదు అమ్మకంలో వచ్చే 12,000 లాభంలో ఇది పావు వంతు. “వడ్డీ లేని వాయిదాలు” అని ఉదారంగా ఇచ్చిన మాటకు అసలు ఖర్చు ఇదే.

సగటు నిరీక్షణను గుర్తుంచుకోవడానికి సులువైన దారి ఉంది. సమాన వాయిదాలు, మొదటిది నెల తరువాత అయితే, వాయిదాల సంఖ్యకు ఒకటి కలిపి సగం చేయాలి. ఆరుకు మూడున్నర, పన్నెండుకు ఆరున్నర. ఆ నెలలను నెలసరి వడ్డీ శాతంతో హెచ్చవేస్తే ధరకు ఎంత శాతం కలపాలో దాదాపుగా తెలుస్తుంది. వాయిదాలు పన్నెండు దాటి, వడ్డీ శాతం కూడా పెద్దదైతే ఉజ్జాయింపు నిజమైన లెక్కకు దూరమవుతుంది. అప్పుడు స్ప్రెడ్‌షీట్‌నే నమ్ముకోవాలి. నగదు ధరకు ఏమాత్రం నష్టం రాకుండా నెలసరి వాయిదా ఎంత ఉండాలో కింది వరుస చెబుతుంది:

```
=PMT(0.015, 6, -60000)
```

జవాబు 10,532కు కొద్దిగా తక్కువ. ఆరు వాయిదాల మొత్తం సుమారు 63,190. ఉజ్జాయింపు 63,150 అంది. ఈ ధరల స్థాయిలో ఆ తేడా పట్టించుకోదగినది కాదు.

చాలామంది అమ్మకందారులు రెండో దిక్కున కూడా తప్పు చేస్తారు. ఆరు నెలలు కాబట్టి ఆరుసార్లు ఒకటిన్నర, అంటే తొమ్మిది శాతం అని మొత్తం ధర మీద కలిపేస్తారు. అప్పుడు మొత్తం 65,400, నెలకు 10,900. వినడానికి న్యాయంగానే ఉంటుంది. కానీ కొనుగోలుదారు 60,000ను ఆరు నెలలు ఉంచుకోవడం లేదు. మొదటి నెలాఖరుకే పదివేల పైచిలుకు తిరిగి ఇచ్చేస్తున్నారు, చివరి నెలకు బాకీ ఒక్క వాయిదా మేరకే మిగులుతోంది. అలా తీరిపోయిన భాగం మీద కూడా ఈ లెక్క వడ్డీ వేస్తూనే ఉంది. కొనుగోలుదారు మీద నిజంగా పడే భారం ఎంతో చూడాలంటే ఇలా అడగాలి:

```
=RATE(6, -10900, 60000)
```

వచ్చే జవాబు నెలకు రెండున్నర శాతం పైనే. ఒకటిన్నర శాతం అని చెప్పి రెండున్నర తీసుకోవడం తెలియక జరిగినా తప్పే. లెక్క తెలిసిన కొనుగోలుదారు దీన్ని పట్టుకుంటారు, ఆ తరువాత ఆ దుకాణం చెప్పే ఏ అంకెనూ నమ్మరు. వినియోగదారుల అప్పు మీద పడే అసలు వార్షిక శాతాన్ని ముందే చూపించాలని అమెరికాలో 1968లో చట్టం వచ్చింది. ఇలాంటి నిబంధనలు తరువాత చాలా దేశాల్లో వచ్చాయి. మొత్తం ధర మీద వేసే వడ్డీ, తగ్గుతున్న బాకీ మీద వేసే వడ్డీ పైకి ఒకేలా కనిపించి లోపల చాలా తేడాగా ఉండటం ఆ నిబంధనల వెనుక ఉన్న కారణాల్లో ఒకటి. వాయిదాల అమ్మకం మొదలుపెట్టే ముందు తమ దేశంలో అలాంటి నియమాలు, అనుమతులు ఏమున్నాయో చూసుకోవాలి.

ఇప్పుడు ఆ 1.5 శాతం ఎక్కడి నుంచి వచ్చిందో చూడాలి, ఎందుకంటే మొత్తం లెక్క దాని మీదే నిలబడి ఉంది. అమ్మకందారు బ్యాంకు ఓవర్‌డ్రాఫ్ట్ మీద నడుస్తుంటే జవాబు తేలిక. బ్యాంకు వేసే వడ్డీయే ఎదురుచూపు ఖర్చు, ఎందుకంటే రాని ప్రతి పైసా ఓవర్‌డ్రాఫ్ట్‌లో అలాగే నిలిచి ఉంటుంది. సొంత డబ్బుతో నడిపేవారు “నాకు అప్పు లేదు కాబట్టి ఎదురుచూపుకు ఖర్చు లేదు” అనుకుంటారు. అక్కడే మోసపోతారు. ఆ డబ్బు చేతిలో ఉంటే ఏం చేసేవారన్నదే అడగాల్సిన ప్రశ్న. బ్యాంకులో ఊరికే ఉండేదైతే ఖర్చు నిజంగానే తక్కువ. కానీ డబ్బు లేక సరుకు తెప్పించలేకపోతుంటే, వెళ్లిపోయిన ప్రతి నగదు కొనుగోలుదారు తెచ్చే లాభం కూడా ఎదురుచూపు ఖర్చులో చేరుతుంది. 48,000 పెట్టి కొన్న సరుకు రెండు నెలల్లో అమ్ముడుపోయి 12,000 తెచ్చే వ్యాపారంలో, ఆ 48,000 ఇరుక్కుపోతే నెలకు 1.5 శాతం కంటే ఎన్నో రెట్లు నష్టం. పెట్టుబడి కొరత ఉన్న వ్యాపారి వాయిదాల జోలికి పోకపోవడం చాలాసార్లు తెలివైన నిర్ణయం.

దీనికి ఎదురుగా, సరఫరాదారు రెండు నెలల అరువు ఇస్తుంటే ఎదురుచూపులో కొంత భాగం వారి మీదకు వెళ్లిపోతుంది. సరుకుకు డబ్బు కట్టే రోజుకే రెండు వాయిదాలు చేతికి వచ్చి ఉంటాయి. ఒకే వస్తువును ఒకే ధరకు అమ్మే ఇద్దరిలో ఒకరు ఆరు వాయిదాలు హాయిగా ఇవ్వగలిగి, మరొకరు రెండు కూడా ఇవ్వలేకపోవడానికి కారణం ఇక్కడ ఉంటుంది. పక్క దుకాణం ఎన్ని వాయిదాలు ఇస్తోందో చూసి అన్నే ఇవ్వడం అందుకే ప్రమాదకరం.

వడ్డీ శాతం గురించి ఎంత ఆలోచిస్తారో, వాయిదాల అమరిక గురించి కూడా అంత ఆలోచించాలి. నిజానికి ఇంకా ఎక్కువే ఆలోచించాలి. ఎందుకో తెలియాలంటే అమ్మకందారు వైపు డబ్బు ఎలా కదులుతుందో నెలనెలా చూడాలి. మళ్లీ నెలకు 10,000 చొప్పున వచ్చే మొదటి పథకమే తీసుకుందాం. అమ్మకందారు జేబులోంచి వెళ్లింది 48,000. మొదటి నెలాఖరుకు దాని మీద వడ్డీతో కలిపి 48,720 అయింది, వాయిదా పోను 38,720 మిగిలింది. రెండో నెల తరువాత 29,301. మూడో నెల తరువాత 19,740. నాలుగో నెల తరువాత 10,036. ఐదో నెల తరువాత 187. అంటే ఐదు వాయిదాలు వచ్చాక కూడా అమ్మకందారు తాను పెట్టినదాన్ని ఇంకా పూర్తిగా వెనక్కి రాబట్టుకోలేదు. లాభం మొత్తం ఆరో వాయిదాలోనే ఉంది.

ఈ విషయం తెలిసిన అమ్మకందారు చివరి వాయిదాను చూసే చూపే మారిపోతుంది. మామూలుగా ఐదు వాయిదాలు సక్రమంగా కట్టిన కొనుగోలుదారు ఆరోది ఆలస్యం చేస్తే, “మంచి మనిషే, ఇస్తారులే” అని వదిలేస్తారు. ఐదింట ఐదు వచ్చాయి కదా అన్న తృప్తి ఉంటుంది. కానీ ఆ ఐదూ అమ్మకందారు సొంత డబ్బు, దాని వడ్డీ. ఆరోది రాకపోతే ఆరు నెలలు ఉచితంగా పనిచేసినట్టే. మొదటి వాయిదా తప్పిన వారిని ఎంత శ్రద్ధగా అడుగుతారో చివరి వాయిదా తప్పిన వారినీ అంతే శ్రద్ధగా అడగాలి.

అమరికను మార్చడానికి చేతిలో రెండు మీటలు ఉన్నాయి. ఒకటి మొదటి వాయిదా తేదీ. అదే 60,000ను ఆరు వాయిదాలుగానే ఉంచి, మొదటి వాయిదాను వస్తువు ఇచ్చే రోజే తీసుకుంటే సగటు నిరీక్షణ మూడున్నర నుంచి రెండున్నర నెలలకు తగ్గుతుంది. నష్టం రాని వాయిదా 10,532 నుంచి సుమారు 10,376కు దిగుతుంది, కొనుగోలుదారు కట్టే మొత్తంలో 930 దాకా తగ్గుతుంది. స్ప్రెడ్‌షీట్‌లో చివర ఒక 1 చేర్చితే ఈ లెక్క వస్తుంది:

```
=PMT(0.015, 6, -60000, 0, 1)
```

రెండోది, ఇంకా బలమైనది, ముందస్తు చెల్లింపు. 60,000లో మూడో వంతు, అంటే 20,000 ముందే తీసుకుంటే బాకీ 40,000. ఎదురుచూపు ఖర్చు కూడా మూడో వంతు తగ్గి 2,126 అవుతుంది. అసలు మేలు మరోచోట ఉంది. అమ్మకందారు నిజంగా ముందుకు పెట్టిన డబ్బు 48,000 నుంచి 28,000కు పడిపోతుంది. పైగా 20,000 కట్టి వస్తువు తీసుకెళ్లినవారు మిగతాది ఎగ్గొట్టే అవకాశం తక్కువ. అంత డబ్బు ఒకేసారి కట్టగలిగారంటే మిగిలిన వాయిదాలు కూడా వారి తాహతుకు దూరంగా లేవన్న సూచన అందులో ఉంది.

ఎగవేత అన్న మాట వచ్చింది కాబట్టి దాని లెక్క కూడా చూద్దాం. ఎదురుచూపు ఖర్చు, రాకుండా పోయే ముప్పు రెండూ వేర్వేరు. రెండింటినీ ఒకే వడ్డీ శాతంలో కుక్కితే దేనికి ఎంత కలిపామో తరువాత తెలియదు. వాయిదాల మీద కొన్న యాభై మందిలో ఒకరు మూడు వాయిదాలు కట్టి ఆగిపోతారని అనుకుందాం. ఇది ఉదాహరణకు తీసుకున్న అంకె మాత్రమే. ప్రతి వ్యాపారి తన పుస్తకం నుంచి తన అంకె తీసుకోవాలి. మిగిలిన మూడు వాయిదాల విలువ, ఈ రోజు లెక్కలో, సుమారు 29,300. దాన్ని యాభై మందికీ పంచితే తలా 590 దాకా పడుతుంది. దీనికి వసూలు ఖర్చు చేరుతుంది. ప్రతి వాయిదాకు గుర్తు చేయడం, రసీదు, ఖాతాలో జమ వేయడం, కొందరికి రెండు మూడు సార్లు ఫోను. వాయిదాకు 50 అనుకుంటే ఆరింటికి 300.

అంటే ఎదురుచూపుకు 3,190, ముప్పుకు 590, వసూలుకు 300. కలిపితే 4,080. వాయిదా ధర 64,100 చుట్టూ ఉండాలి. గుండ్రంగా నెలకు 10,700 పెడితే మొత్తం 64,200. వసూలు ఖర్చు వస్తువు ధరతో పాటు పెరగదని, తగ్గదని గమనించాలి. 60,000 వస్తువు మీద 300 అర శాతం. అదే 6,000 వస్తువు మీద ఐదు శాతం, ఎదురుచూపు ఖర్చుతో దాదాపు సమానం. చవక వస్తువులకు వాయిదాలు గిట్టుబాటు కాకపోవడానికి కారణం వడ్డీ కాదు, ఈ చిల్లర పని.

ఇక్కడి వరకు ఒక్క వస్తువు లెక్క. అసలు కష్టం అమ్మకాలు బాగా సాగినప్పుడు మొదలవుతుంది. వాయిదాలకు మంచి స్పందన వచ్చి నెలకు పది వస్తువులు అమ్ముడవుతున్నాయని అనుకుందాం, అందరూ ముందస్తు చెల్లింపు లేకుండా నెలకు 10,700 కడుతున్నారు. మొదటి నెల సరుకుకు 4,80,000 వెళ్లింది. తరువాతి నెల మళ్లీ 4,80,000 వెళ్లింది, వాయిదాలుగా వచ్చింది 1,07,000. ఆ తరువాతి నెల వచ్చింది 2,14,000. రాబడి నెలనెలా పెరుగుతోంది, అయినా ఖర్చును అందుకోవడానికి సమయం పడుతుంది. మొదటి నుంచి ఐదో విడత సరుకు కొనేసరికి అమ్మకందారు జేబులోంచి బయటికి వెళ్లి తిరిగి రాని డబ్బు 13,30,000కు చేరుతుంది. ఆ తరువాతనే నెమ్మదిగా తగ్గడం మొదలవుతుంది. ఇందులో వడ్డీ, అద్దె, జీతాలు కలపలేదు.

ఒక్కో అమ్మకంలో లాభం ఉంది, ధర సరిగ్గానే పెట్టారు, ఎవరూ ఎగ్గొట్టలేదు. అయినా 13 లక్షల పైచిలుకు సిద్ధంగా లేకపోతే వ్యాపారం ఐదో విడత సరుకు కొనకముందే ఆగిపోతుంది. సరుకు తెప్పించడానికి డబ్బుండదు, రావాల్సిన బాకీలు మాత్రం పుస్తకం నిండా ఉంటాయి. ధరలో ఎంత వడ్డీ కలిపినా ఈ గొయ్యి పూడదు, ఎందుకంటే ఆ వడ్డీ కూడా తరువాత వచ్చేదే. ముందు వచ్చే డబ్బు మాత్రమే దీన్ని పూడుస్తుంది.

అదే పది వస్తువులను 20,000 ముందస్తుతో, మిగిలిన 40,000కు నెలకు 7,150 చొప్పున అమ్మితే ఏమవుతుంది? ఒక్కో అమ్మకంలో బయటికి వెళ్లేది 28,000 మాత్రమే. గొయ్యి నాలుగో విడతకే అడుగు తాకుతుంది, అక్కడ లోతు 6,91,000. మూడో వంతు ముందే తీసుకున్నందుకు అవసరమైన పెట్టుబడి సుమారు సగానికి తగ్గింది. కొనుగోలుదారు కట్టే మొత్తం కూడా 64,200 నుంచి 62,900కు దిగింది. ఇద్దరికీ మేలు చేసే మార్పు ఈ వ్యవహారంలో ఇదొక్కటే కనిపిస్తుంది. వడ్డీ శాతాన్ని పావు, అర అటూ ఇటూ జరపడం మీద పెట్టే శ్రద్ధను ముందస్తు చెల్లింపు మీద పెట్టడం మేలు.

ఈ గొయ్యిని భరించే శక్తి లేనివారికి ఇంకో దారి ఉంది. ఆర్థిక సంస్థ కొనుగోలుదారుకు అప్పు ఇచ్చి, అమ్మకందారుకు కొంత కోత వేసి మిగిలినది వెంటనే చెల్లిస్తుంది. జనరల్ మోటార్స్ కార్ల అమ్మకాలకు అప్పులిచ్చే సంస్థను విడిగా 1919లోనే పెట్టింది. అమ్మడం ఒక వ్యాపారం, అప్పివ్వడం మరో వ్యాపారం అన్న ఎరుక అప్పటికే ఉంది. ఆ కోత ఎంత వరకు సమ్మతమో మన లెక్కే చెబుతుంది. ధర పెంచకుండా నెలకు 10,000 చొప్పున సొంతంగా వాయిదాలు ఇస్తే ఎదురుచూపుకు 3,028, ముప్పుకు, వసూలుకు కలిపి 900 దాకా, మొత్తం 3,900 పైన పోతుంది. అది 60,000లో ఆరున్నర శాతం. సంస్థ అంతకన్నా తక్కువ కోత అడిగితే, బాకీ ఎగ్గొడితే ఆ నష్టం ఎవరిదో ఒప్పందంలో చూసుకుని, వారికే అప్పగించడం మంచిది. ఎగవేత నష్టం మళ్లీ అమ్మకందారు మీదకే వచ్చే ఒప్పందమైతే ఆ పోలిక చెల్లదు.

ధరను కొనుగోలుదారు ముందు ఎలా పెట్టాలన్నది మిగిలింది. నగదు ధర 60,000, వాయిదా ధర 64,200 అని రెండూ పక్కపక్కన చూపడమే సరైన పద్ధతి. కొందరు 64,200నే అసలు ధరగా రాసి, “వాయిదాలకు వడ్డీ లేదు” అంటారు. ఎదురుచూపు ఖర్చు అప్పుడు మాయం కాదు, నగదు ఇచ్చేవారి మీద కూడా పడుతుంది. వారు కాస్త తెలివైనవారైతే నగదుకు ఎంత తగ్గిస్తారని అడుగుతారు. తగ్గిస్తే వడ్డీ లేదన్న మాట అబద్ధమవుతుంది, తగ్గించకపోతే వారు వేరే చోట కొంటారు. చివరికి దుకాణానికి వాయిదాల వారే మిగులుతారు, పైన చెప్పిన గొయ్యి ఇంకా లోతవుతుంది.

రెండు ధరలూ విడిగా ఉంటే మరో చిక్కు కూడా తేలిగ్గా తీరుతుంది. మూడు వాయిదాలు కట్టిన రోజే కొనుగోలుదారు వచ్చి, “మిగిలిన మూడూ ఇప్పుడే కట్టేస్తాను, ఎంత తగ్గిస్తారండీ?” అని అడుగుతారు. మిగిలినది 32,100. ఆ మూడింటి కోసం అమ్మకందారు ఇంకా సగటున రెండు నెలలు ఆగాల్సి ఉంది, ఇప్పుడు ఆగక్కర్లేదు. రెండు నెలలకు మూడు శాతం, అంటే సుమారు 960. దానితో పాటు ఇక చేయనక్కర్లేని మూడు వసూళ్ల ఖర్చు 150. మొత్తం 1,100 తగ్గించి 31,000 తీసుకోవచ్చు. ఒక్క పైసా తగ్గించనంటే కొనుగోలుదారు ముందుగా కట్టరు, వచ్చే డబ్బును అమ్మకందారే వద్దన్నట్టవుతుంది. ఈ తగ్గింపు లెక్కను అమ్మకం రోజే కాగితం మీద రాసి ఇవ్వడం మేలు.

పెట్టిన ధర సరిపోయిందో లేదో తెలియడానికి ఏడాది ఆగనక్కర్లేదు. ప్రతి నెలాఖరున రెండు అంకెలు చూడాలి: ఈ నెల రావాల్సిన వాయిదాల మొత్తం ఎంత, అందులో గడువులోపు వచ్చింది ఎంత. అందరూ కడుతున్నా ప్రతి వాయిదా నెల ఆలస్యంగా వస్తుంటే సగటు నిరీక్షణ మూడున్నర కాదు, నాలుగున్నర. ఎదురుచూపు ఖర్చు 3,150 నుంచి 4,050కు పెరిగిపోతుంది. 10,700 వాయిదాలో ముప్పు కోసం, వసూలు కోసం విడిగా పెట్టుకున్న 900 అంతా అక్కడే కరిగిపోతుంది. అప్పుడు వాయిదా మొత్తాన్ని పెంచడం కంటే ముందు గడువు తేదీని కదపాలి. కొనుగోలుదారుకు జీతం లేదా రాబడి నెలలో ఏ రోజు వస్తుందో అమ్మకం రోజే అడిగి, మర్నాటిని గడువుగా పెడితే ఆలస్యాల్లో చాలా భాగం ధర మార్చకుండానే తగ్గుతుంది. అలా చేశాక కూడా నిలిచిపోయిన ఆలస్యాన్ని మాత్రమే నెలలుగా లెక్కగట్టి, తరువాతి అమ్మకాల సగటు నిరీక్షణలో కలపాలి.